లవర్స్ కార్డు అడ్డంకి స్థానంలో పడినప్పుడు

ప్రేమ గురించో పెళ్లి గురించో అడిగిన టారో రీడింగ్‌లో లవర్స్ కార్డు తిరగబడగానే అడిగినవారి ముఖం వికసిస్తుంది. అది పడింది అడ్డంకి స్థానంలో, అంటే విషయాన్ని ఏది ఆపుతోందో చెప్పే చోట, అని తెలియగానే అదే ముఖం వాడిపోతుంది. ఆ ఇబ్బందిని దాటడానికి రీడర్లు చాలాసార్లు ఒకే మాటను ఆశ్రయిస్తారు: "మీ ముందు ఒక ఎంపిక ఉంది, మీరు తేల్చుకోవాలి." లవర్స్ కార్డుకు ఎంపిక అనే అర్థం నిజంగానే ఉంది కనుక ఈ మాటను ఎవరూ తప్పుపట్టరు. అయితే అది ఎంపిక స్థానంలో పడిన కార్డుకు చెప్పవలసిన మాట. అడ్డంకి స్థానంలో పడిన కార్డుకు దాన్ని చెప్పినప్పుడు రీడర్ కార్డును చదివాడు గాని స్థానాన్ని చదవలేదు.

స్ప్రెడ్‌లో, అంటే కార్డులు పరిచే అమరికలో, స్థానం చేసే పనిని తెలుగు విభక్తులతో పోల్చుకుంటే విషయం త్వరగా తేటపడుతుంది. కార్డు ప్రాతిపదిక వంటిది, స్థానం దానికి చేరే ప్రత్యయం వంటిది. "ప్రేమను" అన్నప్పుడు ప్రేమ ఒక క్రియకు లక్ష్యమవుతుంది. దాన్ని ఎంచుకోవచ్చు, వదులుకోవచ్చు, కోరుకోవచ్చు. "ప్రేమ వలన" అన్నప్పుడు అదే ప్రేమ ఒక ఫలితానికి కారణమవుతుంది. పదం మారలేదు, వాక్యంలో దాని పని మారింది. ఎంపిక స్థానంలోని లవర్స్ "దేనిని" అనే ప్రశ్నకు జవాబు చెబుతుంది, అడ్డంకి స్థానంలోని లవర్స్ "దేని వలన" అనే ప్రశ్నకు జవాబు చెబుతుంది. రెండో ప్రశ్న అడిగినవారికి మొదటి ప్రశ్నకు తగిన జవాబు ఇస్తే వినడానికి బాగానే ఉంటుంది, కాని సంబంధం ఎక్కడ ఆగిపోయిందో మాత్రం తెలియదు.

ఈ పొరపాటు ఇంత సులువుగా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ఆ కార్డు బొమ్మ ఎలా మారుతూ వచ్చిందో కొంత చూడాలి. 15వ శతాబ్దం మధ్యలో మిలాన్ పాలక కుటుంబాల కోసం చేతితో చిత్రించిన విస్కోంటి-స్ఫోర్జా కార్డులలో ఈ బొమ్మ ఒక జంటది. స్త్రీ పురుషులిద్దరు చేతులు కలుపుకొని నిలబడి ఉంటారు, పైన కళ్లకు గంతలు కట్టుకున్న మన్మథుడు ఉంటాడు. అందులో ఎంపిక జాడ లేదు, కలయిక ఉంది. తరువాతి కాలంలో ఫ్రాన్సులో స్థిరపడిన మార్సెయ్ టారోలో బొమ్మ మారిపోయింది. అక్కడ ఒక యువకుడు ఇద్దరు స్త్రీల మధ్య నిలబడి ఉంటాడు, పైనుంచి మన్మథుడు బాణం ఎక్కుపెట్టి ఉంటాడు. కార్డు పేరు కూడా ఏకవచనమే: "లామురో", అంటే ప్రేమికుడు. ఆ ఇద్దరు స్త్రీలను సద్గుణం, దుర్గుణం అని కొందరు చదివారు; తల్లి, వధువు అని మరికొందరు చదివారు. ఏది ఎలా చదివినా ఇద్దరి మధ్య ఒకడు అన్న దృశ్యం బలంగా నాటుకుపోయింది, దానితోపాటు ఎంపిక అనే అర్థమూ నాటుకుంది.

1909లో లండన్‌లో వెలువడిన రైడర్-వెయిట్ డెక్‌లో ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ ఆలోచనకు పమేలా కోల్మన్ స్మిత్ గీసిన బొమ్మ మళ్లీ జంట వైపు తిరిగింది. మనిషిని సద్గుణ దుర్గుణాల మధ్య నిలబెట్టిన పాత చిత్రణను వెయిట్ అవివేకంగా భావించాడు. తన కార్డు మానవ ప్రేమకు సంబంధించినదని సూటిగా రాశాడు. ఈనాడు చాలామంది చేతుల్లో ఉన్నది ఈ డెక్, లేదా దీన్ని అనుసరించి గీసిన డెక్. కాని వారి నోట వచ్చే అర్థం మాత్రం మార్సెయ్ బొమ్మది. చేతిలో ఒక బొమ్మ, మనసులో మరో బొమ్మ. ఎంపిక స్థానంలో ఈ తేడా పెద్దగా నష్టం చేయదు, ఎందుకంటే అక్కడ స్థానమే ఎంపిక గురించి అడుగుతోంది. అడ్డంకి స్థానంలో మాత్రం ఇద్దరి మధ్య ఒకడు అన్న పాత దృశ్యం లోపలినుంచి లేచి వచ్చి, అడిగినవారి జీవితంలో మూడో వ్యక్తి ఉన్నారన్న ఊహగా మారిపోతుంది. సంబంధాల రీడింగ్‌లో ఇంతకంటే హాని చేసే ఊహ అరుదు.

అడ్డంకి స్థానంలో శుభప్రదమైన కార్డు పడితే ఏం చేయాలన్న ప్రశ్న కొత్తది కాదు. 1911లో వచ్చిన తన వివరణ గ్రంథంలో, ఇప్పుడు సెల్టిక్ క్రాస్ అని పిలిచే పది కార్డుల పద్ధతిని వివరిస్తూ, వెయిట్ దీనికి జవాబు ఇచ్చాడు. మొదటి కార్డు మీద అడ్డంగా పరిచే రెండో కార్డు అడ్డంకుల స్వభావాన్ని చూపుతుంది. అది మంచి కార్డయితే రెండు విధాలుగా తీసుకోవచ్చు: ఎదురుగా ఉన్న శక్తులు అంత తీవ్రమైనవి కావని ఒకటి, స్వతహాగా మంచిదైన విషయం ఈ ప్రత్యేక సందర్భంలో మంచి ఫలితం ఇవ్వదని మరొకటి. మొదటి దారి రీడర్లకు బాగా గుర్తుంటుంది, ఎందుకంటే అది ఊరటనిస్తుంది. రెండోదాన్ని చాలామంది చదివి వదిలేస్తారు. లవర్స్ విషయంలో అసలు పనికొచ్చేది రెండోదే. మొదటి దారిలో వెళ్తే "అడ్డంకి పెద్దదేమీ కాదు" అని చెప్పి ముందుకు పోతాం, అప్పుడు ఆ స్థానం ఖాళీగా ఉన్నట్టే. రెండో దారిలో వెళ్తే అడగవలసిన ప్రశ్న ఒకటి ఎదురవుతుంది: ఈ ఇద్దరి మధ్య ఉన్న మంచి ఏ విధంగా ఈ ఇద్దరికే అడ్డు తగులుతోంది?

ఆ జవాబు కోసం బొమ్మను నిదానంగా చూడాలి. ఎడమ వైపు స్త్రీ, ఆమె వెనుక పండ్ల చెట్టు, దానికి చుట్టుకున్న పాము. కుడి వైపు పురుషుడు, అతని వెనుక పన్నెండు జ్వాలలున్న చెట్టు. పైన మేఘం మీద రెక్కలు చాచిన దేవదూత, ఆ వెనుక సూర్యుడు. ఇద్దరి మధ్య దూరంగా ఒక పర్వత శిఖరం. మామూలుగా దీన్ని సమన్వయానికి ప్రతీకగా చదువుతారు. కాని చూపులు ఎటు ఉన్నాయో గమనిస్తే వేరే సంగతి కనిపిస్తుంది. పురుషుడు స్త్రీని చూస్తున్నాడు, స్త్రీ పైనున్న దేవదూతను చూస్తోంది. చూపుకు చూపు ఎదురు పడడం లేదు. ఇద్దరూ నగ్నంగా ఉన్నారు, దాచుకునేది ఏదీ లేదని బొమ్మ చెబుతోంది. అయినా ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకునే భంగిమ అందులో లేదు. పైన ఆశీస్సు ఉంది గనుక కింద మాటల అవసరం లేదన్నట్టుగా ఉంటుంది ఆ దృశ్యం. మామూలు స్థానంలో ఇది కృప అనిపిస్తుంది. అడ్డంకి స్థానంలో ఇదే సమస్య కావచ్చు.

కనుక అడ్డంకి స్థానంలోని లవర్స్‌కు మొదటి, అత్యంత తరచుగా సరిపోయే అర్థం ఇది: ఇద్దరి మధ్య ఉన్న ఐక్యత చెడిపోకుండా కాపాడాలనే పట్టుదలే ముందుకు సాగనివ్వడం లేదు. ఐక్యత లేకపోవడం ఇక్కడ అడ్డంకి కాదు, ఐక్యత మీద మమకారం అడ్డంకి. ఇలాంటి జంటలో గొడవలు ఉండవు. భేదాభిప్రాయం పుట్టకముందే ఎవరో ఒకరు దాన్ని మింగేస్తారు. ఏ నిర్ణయమైనా ఒకరు గెలిచి మరొకరు కొంత వదులుకోవడంతోనే ముగుస్తుంది కనుక, అలా గెలుపోటములు వచ్చే చోటికి ఇద్దరూ వెళ్లరు. అందువల్ల నిర్ణయాలే జరగవు. బయటినుంచి చూస్తే అన్యోన్య దాంపత్యం, లోపల చూస్తే ఎప్పటికీ తెరవని తలుపు.

రెండో అర్థం ఎంపికకు దగ్గరగా వస్తుంది, అందుకే దాన్ని జాగ్రత్తగా వేరు చేసి చెప్పాలి. కొన్ని సంబంధాలలో ఎంపిక చేయకపోవడం ఒక స్థితిగా స్థిరపడిపోతుంది. ఉండాలా వెళ్లాలా అన్న ప్రశ్న ఏడాదిగా తెరిచే ఉంటుంది, ఆ తెరిచి ఉండడం వల్లనే మిగతావన్నీ వాయిదా పడతాయి. ఇక్కడ కూడా కార్డు "ఎంచుకో" అని చెప్పడం లేదు. "ఎంచుకోవలసినవాడిని" అన్న భంగిమలోనే ఉండిపోవడం అడ్డుగా ఉందని చెబుతోంది. ఈ తేడా మాటల గారడీ కాదు. ఎంపిక స్థానంలో రీడర్ రెండు దారుల గురించి మాట్లాడతాడు: ఇటు వెళ్తే ఇది, అటు వెళ్తే అది. అడ్డంకి స్థానంలో ఆ దారుల గురించి ఏమీ చెప్పనక్కర్లేదు; కూడలిలో అంతకాలం నిలబడి ఉండడం వల్ల అడిగినవారికి ఏం దక్కుతోందో, ఏం పోతోందో అడగాలి. తేల్చకపోవడంలో ఏదో ఒక లాభం తప్పక ఉంటుంది. అది సాధారణంగా ఎవరినీ నొప్పించని స్థితిలో ఉండగలగడమే.

ఒక రీడింగ్‌ను పూర్తిగా చూస్తే ఇదంతా నేల మీదికి వస్తుంది. ఉదాహరణ కోసం ఆరు కార్డుల సంబంధ స్ప్రెడ్ తీసుకుందాం. స్థానాలు వరుసగా: అడిగినవారు, ఎదుటివారు, ఇద్దరి మధ్య బంధం, అడ్డంకి, సలహా, సాగుతున్న దిశ. కార్డులు కలపకముందే ఈ స్థానాలు ఖరారు చేసుకోవడం ముఖ్యం. లవర్స్ నాలుగో చోట పడ్డాక "ఇది అడ్డంకి కాదు, ఎంపిక" అని స్థానాన్ని మార్చుకోగలిగితే ఆ స్ప్రెడ్‌కు నియమమంటూ లేనట్టే. అడిగినది ఒక స్త్రీ అనుకుందాం. మూడేళ్లుగా ఒకరితో ప్రేమలో ఉంది, ఇద్దరి మధ్య గొడవలు లేవు, కాని కలిసి ఒక ఇంట్లో ఉండే మాట ఎప్పుడు మొదలైనా మధ్యలోనే ఆగిపోతోంది. "మమ్మల్ని ఏది ఆపుతోంది?" అన్నది ఆమె ప్రశ్న.

మొదటి స్థానంలో టూ ఆఫ్ స్వోర్డ్స్ పడింది. కళ్లకు గంతలు కట్టుకున్న స్త్రీ, గుండెకు అడ్డంగా రెండు కత్తులు, వెనుక రాళ్లు తేలిన నీరు, నెలవంక. ఎదుటివారి స్థానంలో నైట్ ఆఫ్ కప్స్, చేతిలో పాత్ర ఒలకకుండా గుర్రాన్ని నెమ్మదిగా నడిపే యోధుడు. బంధం స్థానంలో టెన్ ఆఫ్ కప్స్, ఇంద్రధనుస్సు కింద చేతులెత్తిన జంట, పక్కన ఆడుకునే పిల్లలు. అడ్డంకి స్థానంలో లవర్స్. సలహా స్థానంలో ఫైవ్ ఆఫ్ వాండ్స్, కర్రలు ఝళిపిస్తున్న ఐదుగురు కుర్రాళ్లు. దిశ స్థానంలో ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్, బల్ల మీద కూర్చుని ఒక్కొక్క నాణేన్ని చెక్కుతున్న పనివాడు.

ఇక్కడ తొందరపాటు రీడింగ్ ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. మొదటి కార్డులో రెండు కత్తులు, నాలుగో కార్డులో ఎంపిక. రెండూ కలిపి "మీరు ఇద్దరి మధ్య ఊగిసలాడుతున్నారు" అని తేల్చేస్తారు. ఆ మాట అడిగినవారికి తగలకపోతే "మీరు కాకపోతే ఆయన" అని తిప్పుతారు, నైట్ ఆఫ్ కప్స్ ప్రేమను మోసుకొని తిరిగేవాడు కదా అని దానికి సాక్ష్యం కూడా చూపుతారు. ఇంతటితో మూడేళ్ల సంబంధంలో ఒక అనుమానం నాటినట్టే. మళ్లీ బల్ల వైపు చూస్తే, పరిచిన ఆరు కార్డులలో మూడో మనిషిని చూపే కార్డు ఒక్కటీ లేదు. ఆ మూడో మనిషి మార్సెయ్ బొమ్మలోనుంచి నడిచి వచ్చాడు.

స్థానాన్ని పట్టుకొని చదివితే కథ మరోలా సాగుతుంది. బంధం స్థానంలో టెన్ ఆఫ్ కప్స్, అడ్డంకి స్థానంలో లవర్స్: రెండూ జంట బొమ్మలే, రెండింటిలోనూ పైనుంచి ఆశీస్సు ఉంది. అంటే ఈ ఇద్దరూ తమ బంధాన్ని ఎలా ఊహించుకుంటున్నారో ఆ ఊహే తిరిగి అడ్డుగా నిలిచింది. పక్కన ఉన్న నైట్ ఆఫ్ కప్స్ పాత్ర ఒలకకూడదని గుర్రాన్ని పరుగు తీయించడు. టూ ఆఫ్ స్వోర్డ్స్‌లోని స్త్రీ ఇద్దరి మధ్య తేల్చుకోలేక గంతలు కట్టుకోలేదు. కత్తులు కదిపితే నీరు కలత చెందుతుందని కదలకుండా కూర్చుంది. అందరూ ఒకే పని చేస్తున్నారు, ప్రశాంతతను కాపాడుతున్నారు.

ఇప్పుడు రీడర్ అడగవలసిన ప్రశ్న "ఎవరైనా ఉన్నారా" అన్నది కాదు. "ఇంటి మాట చివరిసారి వచ్చినప్పుడు అది ఏ వాక్యం దగ్గర ఆగింది?" అన్నది. ఇది కార్డులు ఇచ్చే జవాబు కాదు, కార్డులు ఇచ్చే ప్రశ్న. ఆమె జవాబు ఇలా ఉండవచ్చు: ఏ పేట అయితే బాగుంటుందని తను అడిగితే అతను "నీ ఇష్టం" అన్నాడు, అతను అడిగితే తను "నీకు నచ్చితే నాకూ నచ్చినట్టే" అంది, ఆ తరువాత మాట వేరే దాని మీదకు పోయింది. ప్రేమ నిండిన ఈ రెండు వాక్యాలే ఆ అడ్డంకి. ఒక్కొక్కటిగా చూస్తే రెండూ ముచ్చటైనవే. రెండూ కలిస్తే ఇల్లు దొరకదు.

సలహా స్థానంలోని ఫైవ్ ఆఫ్ వాండ్స్‌ను ఈ నేపథ్యంలో చూస్తే అది ఎంత చక్కగా అతుకుతుందో తెలుస్తుంది. ఆ బొమ్మలో కర్రలు గాలిలో ఉన్నాయి గాని ఎవరికీ దెబ్బ తగలలేదు. వెయిట్ కూడా దాన్ని ఉత్తుత్తి యుద్ధంగానే చూశాడు. ఈ జంటకు కావలసింది అలాంటి ఘర్షణే. ఇద్దరూ విడివిడిగా, ఒకరికి చూపకుండా, తమకు నిజంగా కావలసిన మూడు విషయాలు, అస్సలు వద్దనుకునే ఒక విషయం రాసుకొని తరువాత పక్కపక్కన పెట్టడం దానికి సరిపోయే చిన్న పని. ఆ కాగితాలు కలవకపోతే, బహుశా కలవవు, మూడేళ్లలో మొదటిసారి వారి మధ్య ఒక నిజమైన విషయం బల్ల మీదికి వచ్చినట్టు. దిశ స్థానంలోని ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్ ఆ తరువాతి సంగతి: ఒకేసారి తేలిపోయే గొప్ప నిర్ణయం కాదు, ఒక్కొక్క నాణెం చెక్కినట్టు ఒక్కొక్క చిన్న ఒప్పందం. అదే లవర్స్ ఎంపిక స్థానంలో పడి ఉంటే సలహా మరోలా ఉండేది. అప్పుడు రీడర్ ఆమె విలువలు ఏ దారి వైపు మొగ్గుతున్నాయో మాట్లాడి ఉండేవాడు, ఈ కాగితాల పని తోచి ఉండేది కాదు.

రీడర్ తను జారిపోతున్నాడో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన గుర్తు ఉంది. అడ్డంకి స్థానం గురించి తను చెప్పబోయే వాక్యాన్ని మనసులో ఒకసారి పలికి చూసుకోవాలి. అందులో "లేక", "లేదా", "ఇటో అటో" వంటి మాటలు ఉంటే ఆ వాక్యం ఎంపిక స్థానానిది. అందులో "వలన" ఉంటే, లేదా దాన్ని తేలికగా "వలన" వాక్యంగా మార్చగలిగితే, అది ఈ స్థానానిది. "మీరు ఉండాలా వెళ్లాలా తేల్చుకోవాలి" అన్నది మొదటి రకం. "ఎవరినీ నొప్పించకూడదన్న పట్టుదల వలన మాట పూర్తి కావడం లేదు" అన్నది రెండో రకం. తెలుగులో ఆలోచించే రీడర్‌కు ఈ పరీక్ష పుస్తకాలలోని కీలక పదాల పట్టికకంటే ఎక్కువ పనిచేస్తుంది.

మరో పరీక్ష కార్డును మార్చి చూడడం. నాలుగో చోట లవర్స్‌కు బదులు డెవిల్ పడి ఉంటే ఏం చెప్పేవారు? రైడర్-వెయిట్ డెక్‌లో డెవిల్ కావాలనే లవర్స్‌కు ప్రతిబింబంగా గీసిన బొమ్మ. అదే జంట, దేవదూత స్థానంలో కొమ్ములవాడు, మెడలకు వదులైన గొలుసులు. డెవిల్ సంఖ్య 15, లవర్స్ సంఖ్య 6; 15లోని 1, 5 కూడితే 6 వస్తుందని చెప్పి రెండు కార్డుల చుట్టరికాన్ని కలుపుతారు. డెవిల్ అడ్డంకిగా ఉంటే మాట బంధకం గురించి, వ్యసనం గురించి, వదులుకోలేని ఆకర్షణ గురించి ఉంటుంది. రీడర్ లవర్స్‌కు కూడా అవే మాటలు చెబుతున్నాడంటే అతను లవర్స్‌ను చదవడం లేదు, అడ్డంకి అన్న పదానికి భయపడి కార్డుకు కొమ్ములు తగిలిస్తున్నాడు. లవర్స్ అడ్డంకిగా ఉన్నప్పుడు కూడా లవర్స్‌గానే ఉంటుంది. అందులోని ప్రేమ నిజమైనదే. అది అబద్ధమని తేల్చడం ఈ స్థానం పని కాదు.

పక్క కార్డులు మారితే అర్థం కూడా కొంత జరుగుతుంది. పై రీడింగ్‌లోనే బంధం స్థానంలో టెన్ ఆఫ్ కప్స్‌కు బదులు మతగురువు బొమ్మ ఉన్న హైరోఫాంట్ పడి ఉంటే దృష్టి దేవదూత వైపు మళ్లేది. స్త్రీ చూపు పైకి ఉన్నదన్న సంగతి అప్పుడు ముఖ్యమవుతుంది: ఇద్దరిలో ఒకరు ఎదుటివారి వైపు చూడడానికి బదులు ఇంకెవరిదో అంగీకారం కోసం ఎదురుచూస్తున్నారు. మొదటి స్థానంలో సెవెన్ ఆఫ్ కప్స్, మేఘంలో తేలే ఏడు పాత్రలు, పడి ఉంటే ఇంతకుముందు చెప్పిన రెండో అర్థం, కూడలిలోనే కాపురం పెట్టడం, బలపడేది. ఇక నిజంగానే మూడో మనిషిని సూచించాలంటే థ్రీ ఆఫ్ స్వోర్డ్స్‌నో సెవెన్ ఆఫ్ స్వోర్డ్స్‌నో కొందరు చూపుతారు. అప్పుడు కూడా అది అడగదగిన ప్రశ్నే తప్ప ప్రకటించదగిన వార్త కాదు.

తలకిందులుగా పడిన లవర్స్ గురించి కొంచెం చెప్పుకోవాలి. సెల్టిక్ క్రాస్‌లో రెండో కార్డు అడ్డంగా పడుకుంటుంది కనుక దానికి నిటారు, తలకిందులు అన్న తేడా అంత స్పష్టంగా ఉండదు. చాలామంది దాన్ని నిటారుగానే చదువుతారు. వరుసగా పరిచే స్ప్రెడ్‌లలో మాత్రం ఈ ప్రశ్న వస్తుంది. అడ్డంకి ఒక వ్యతిరేకం, తలకిందులు మరో వ్యతిరేకం, రెండూ కొట్టివేసుకొని అడ్డంకి తొలగిపోయిందని లెక్క వేసేవారు ఉన్నారు. ఇది లెక్కల పుస్తకంలో కుదురుతుంది గాని స్ప్రెడ్‌లో కుదరదు, ఎందుకంటే ఆ స్థానం "అడ్డంకి ఉందా" అని అడగడం లేదు, "అడ్డంకి ఎలాంటిది" అని అడుగుతోంది. తలకిందులైన లవర్స్‌కు వెయిట్ ఇచ్చిన అర్థాలు వైఫల్యం, తెలివితక్కువ పథకాలు. వివాహానికి ఆటంకం అని మరో వివరణనూ అతను పేర్కొన్నాడు. అడ్డంకి స్థానంలో ఇవి నేరుగానే అతుకుతాయి: ఇద్దరి విలువలు బహిరంగంగానే వేరు, లేదా ఒకరి ఆకర్షణ మరొకరిది కాదు. చదవడానికి నిజానికి ఇదే సులువు. నిటారుగా పడిన లవర్స్ కష్టం, ఎందుకంటే అక్కడ చెడ్డదని చూపడానికి ఏమీ దొరకదు.

లవర్స్ సరిగ్గా అడ్డంకి చోటే పడడంలో ఏదో హెచ్చరిక ఉందని భావించేవారికి ఒక చిన్న లెక్క. 78 కార్డుల డెక్‌ను బాగా కలిపితే ఏ కార్డయినా ఏ స్థానంలోనైనా పడే అవకాశం 78లో 1. ఆరు కార్డులు పరిస్తే లవర్స్ ఎక్కడో ఒకచోట కనిపించే అవకాశం 13లో 1. అలా కనిపించినప్పుడు అది అడ్డంకి చోట ఉండే అవకాశం 6లో 1. వారానికి పదిమందికి చదివే రీడర్‌కు ఇది ఏడాదికి ఆరేడుసార్లు ఎదురవుతుంది. కార్డులకు భవిష్యత్తు తెలుసని నమ్మేవారూ నమ్మనివారూ ఈ లెక్క దగ్గర ఒకటే. నమ్మినా నమ్మకపోయినా పరిచిన కార్డు ఒక సంభాషణను ఏ వైపు తిప్పుతుందన్నదే బల్ల దగ్గర జరిగే పని, ఆ సంభాషణ అడిగినవారి సంబంధంలోకి వెళ్లి నిజమైన పరిణామాలు కలిగిస్తుంది.

అందుకే ఈ స్థానంలో చెప్పే తొలి వాక్యం గురించి కొంత ఆలోచించి పెట్టుకోవడం మంచిది. "మీ ప్రేమే మీకు అడ్డంకి" అని కత్తిలా విసిరితే అడిగినవారు అది విడిపొమ్మనడంగా వింటారు. "అడ్డంకి ఏమీ లేదు, మంచి కార్డే" అంటే వచ్చిన ప్రశ్నతోనే తిరిగి వెళ్తారు. ఈ రెండింటి మధ్య చెప్పగలిగింది ఇలా ఉంటుంది: "మీ ఇద్దరి మధ్య ఉన్నది గట్టిదేనని ఈ కార్డు చెబుతోంది. దాన్ని కాపాడుకోవడం కోసం మీరు ఏ మాటలు ఆపుకుంటున్నారో ఒకసారి చూద్దాం." పై ఉదాహరణలోని స్త్రీ అయితే ఆ మాట విన్న కాసేపటికి, తనకు నిజానికి ఊరి చివర ఇల్లు వద్దని, అతనికి అదే కావాలని తనకు ముందే తెలుసని, అందుకే ఎప్పుడూ "నీకు నచ్చితే" అంటూ వచ్చానని చెప్పవచ్చు.